పెట్ స్కాన్‌లో వెలిగిన ప్రతి బిళ్లా క్యాన్సరేనా?

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. నాన్నకి 59 ఏళ్లు. ఇరవై రెండేళ్లు గ్రానైట్ క్వారీలో డ్రిల్లింగ్ పని చేశారు. షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. పెద్దపేగు చివర సిగ్మాయిడ్ దగ్గర క్యాన్సర్ అని వైజాగ్‌లో ఆపరేషన్ చేసి, ఎనిమిది సైకిళ్ల కీమో ఇచ్చారు. అది అయిపోయి ఏడు నెలలైంది. చెకప్ సీటీలో ఛాతీలో గ్రంథులు పెద్దగా ఉన్నాయని పెట్ సీటీ తీయించమన్నారు. రిపోర్టులో ఛాతీ మధ్యన, రెండు ఊపిరితిత్తుల మొదట్లో లింఫు గ్రంథులు వెలిగాయనీ, ఎస్‌యూవీ మ్యాక్స్ 9.4 అనీ, పైభాగాల్లో చిన్న చిన్న గడ్డల్లాంటి నాడ్యూల్స్ ఉన్నాయనీ రాశారు. లివర్ బాగుందన్నారు. పెద్దపేగంతా కూడా వెలిగిందట. రక్తంలో క్యాన్సర్ జాడ కోసం చూసే సీఈఏ 2.1. చివర్లో ‘మెటాస్టాసిస్ కావచ్చు, ఇన్‌ఫెక్షన్ కావచ్చు, బయాప్సీతో సరిచూసుకోవాలి’ అని ఉంది. మెటాస్టాసిస్ అంటే క్యాన్సర్ పాకడమేనట. మా మావయ్య ‘సూది గుచ్చితే పాకిపోద్ది రా, తిన్నగా కీమో మొదలెట్టించు’ అంటున్నాడు. నాన్నకి జబ్బు తిరగబెట్టినట్టేనా? బయాప్సీ లేకుండా కీమోకి వెళ్లిపోవచ్చా?

సమాధానం: తిరగబెట్టిందని ఈ రిపోర్టు చెప్పడం లేదు. మీరు రాసిన వివరాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే క్షయ, రాతి ధూళి, లేదా ఆ రెండూ కలిసి ఉండటానికి క్యాన్సర్‌కంటే ఎక్కువ అవకాశం కనిపిస్తోంది. అలాగని క్యాన్సర్ కాదని కూడా బొమ్మ చూసి ఎవరూ తేల్చలేరు. గ్రంథిలోంచి ముక్క తీసి చూడాల్సిందే. అది చూడకుండా కీమో మాత్రం వద్దు. ఎందుకో చెబుతాను.

ముందు ఆ వెలుగు ఏమిటో తెలియాలి. స్కాన్‌కి ముందు మీ నాన్నగారి చేతికి ఎక్కించినది క్యాన్సర్‌ని వెతికే మందు కాదు, ఒక రకం చక్కెర. గ్లూకోజ్‌లో ఒకచోట చిన్న మార్పు చేసి, అక్కడ ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పరమాణువును తగిలిస్తారు. దాని పేరు ఎఫ్‌డీజీ. కణానికి ఇది మామూలు చక్కెరలాగే కనిపిస్తుంది కాబట్టి లోపలికి తీసుకుంటుంది, అరాయించుకోవడానికి మొదటి మెట్టు కూడా ఎక్కిస్తుంది. రెండో మెట్టు దగ్గర ఆ మార్పు అడ్డు తగులుతుంది. ముందుకు పోలేక, బయటికి రాలేక అది కణంలోనే ఇరుక్కుపోతుంది. గంటసేపు పడుకోబెట్టి ఆ తర్వాత ఫొటో తీస్తే, ఒంట్లో ఏ మూల ఎంత చక్కెర ఇరుక్కుందో ఆ పటం వస్తుంది. పెట్ స్కాన్ అంటే అంతే. ఎవరు ఎక్కువ తింటున్నారో అది చెబుతుంది, తినేది ఎవరో చెప్పదు.

1976లో అమెరికాలో ఈ మందును మొదటిసారి మనుషులకి ఇచ్చింది కూడా మెదడు చక్కెరను ఎలా వాడుకుంటుందో చూడటానికే. క్యాన్సర్ వాడకం తర్వాత వచ్చింది. మీ దగ్గరున్న సీడీలో ముందు నుంచి తీసిన నిలువు బొమ్మ చూడండి. అన్నిటికంటే నల్లగా కనిపించేవి మెదడు, మూత్రాశయం. తెలుపు నేపథ్యం మీద ఎంత నల్లగా ఉంటే అంత ‘వెలుగు’ అని అర్థం. మెదడుకి చక్కెరే ఆహారం. మూత్రాశయం సంగతి వేరు: మామూలు గ్లూకోజ్‌ను కిడ్నీలు వడకట్టి మళ్లీ రక్తంలోకి లాక్కుంటాయి, ఈ మార్పు చేసిన చక్కెరను అలా లాక్కోలేక మూత్రంలోకి వదిలేస్తాయి. ఈ రెండూ అందరికీ వెలిగేవే కాబట్టి రిపోర్టులో వాటి గురించి భయపెట్టే మాట ఉండదు.

క్యాన్సర్ కణాలు చక్కెరను ఆబగా తింటాయన్నది నిజమే. కానీ ఒంట్లో అలా తినేవాళ్లు ఇంకొకరున్నారు. అవి మాక్రోఫేజ్‌లు, అంటే లోపలికొచ్చిన చెత్తను మింగి శుభ్రం చేసే తెల్లకణాలు. మామూలప్పుడు వాటి తిండి తక్కువ. పోరాటం మొదలైందా, చక్కెరను లోపలికి లాగే ద్వారాలు వాటి గోడల మీద ఒక్కసారిగా పెరిగిపోతాయి. క్షయ క్రిమి చేరిన చోట ఇవి గుంపుగా చుట్టూ చేరి గోడ కట్టేస్తాయి. ఆ ముద్దని గ్రాన్యులోమా అంటారు. దాంట్లో ప్రతి కణమూ ఎఫ్‌డీజీని మింగేదే. అందుకే క్షయ పట్టిన గ్రంథి పెట్‌లో క్యాన్సర్ గ్రంథితో సమానంగా వెలుగుతుంది. ఒక్కోసారి ఇంకా ఎక్కువే.

రాతి ధూళిది మరీ విచిత్రమైన కథ. గ్రానైట్‌ని డ్రిల్ చేసేటప్పుడు లేచే సన్నటి పొడిలో సిలికా ఉంటుంది. కంటికి కనిపించే దుమ్ము ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. కనిపించనంత సన్నటిదే ఊపిరితిత్తి అడుగుదాకా వెళుతుంది. అక్కడి మాక్రోఫేజ్ దాన్ని మింగుతుంది, అరిగించుకోలేక చచ్చిపోతుంది. లోపలి రేణువు మళ్లీ బయటపడుతుంది, దాన్ని ఇంకో మాక్రోఫేజ్ మింగుతుంది. కొన్ని కణాలు ఆ రేణువుల్ని మోసుకుంటూ ఛాతీ మధ్యలోని లింఫు గ్రంథులకి చేరతాయి. అక్కడా ఇదే తంతు. క్వారీ పని మానేసి ఏళ్లయినా రేణువులు అక్కడే ఉంటాయి కాబట్టి ఆ నిప్పు ఆరదు. పైగా సిలికా పట్టిన ఊపిరితిత్తిలో క్షయ సులువుగా పాతుకుంటుంది. అందుకే మీ నాన్నగారి విషయంలో ‘ధూళా, క్షయా’ అని ఒకదాన్నే ఎంచుకోనక్కర్లేదు, రెండూ ఉండొచ్చు.

ఇక మిమ్మల్ని బెదరగొట్టిన 9.4 అంకె. ఎక్కించిన చక్కెర అంతా ఒళ్లంతా సమానంగా పరుచుకుందనుకోండి. అప్పుడు ప్రతి గ్రాము కండకీ ఒక్క వంతు దక్కుతుంది. ఆ గ్రంథిలో అన్నిటికంటే ఎక్కువ వెలిగిన చుక్కకి అలాంటి వంతులు 9.4 దక్కాయని దాని అర్థం. లివర్‌కి మామూలుగా 2, 3 వంతులు దక్కుతాయి. మెదడుకి 10 దాటడం మామూలే. ‘2.5 దాటితే క్యాన్సర్’ అనే మాట ఒకటి జనంలో తిరుగుతోంది. ఊపిరితిత్తిలో ఒంటరిగా కనిపించే గడ్డల విషయంలో ఆ గీతను ఒకప్పుడు వాడేవారు. క్షయ బాగా ఉన్న మన దేశంలో, అదీ ఛాతీ గ్రంథుల దగ్గర, ఆ గీతకి విలువ లేదు. చురుగ్గా ఉన్న క్షయ గ్రంథి 10 దాటగలదు, నెమ్మదిగా పెరిగే క్యాన్సర్ 3 దగ్గరే ఆగిపోగలదు. పెద్దపేగు క్యాన్సర్లలోనే జిగురు ఎక్కువగా ఉండే మ్యూసినస్ రకం సరిగా వెలగదు. మీ నాన్నగారి ఆపరేషన్ బయాప్సీ రిపోర్టులో ఆ మాట ఉందేమో చూసి పెట్టుకోండి. ఉంటే, లివర్‌లో వెలుగు లేదన్న మాటను అంత గట్టిగా నమ్మకూడదు.

అంకె తేల్చనిదాన్ని వెలిగిన తీరు కొంతవరకు చెబుతుంది. సిగ్మాయిడ్ పేగు నుంచి రక్తం పోర్టల్ సిర ద్వారా మొదట లివర్‌కి వెళుతుంది. అక్కణ్నించి బయలుదేరిన క్యాన్సర్ కణాలకి మొదటి మజిలీ లివర్, ఆ తర్వాతే ఊపిరితిత్తులు. (పురీషనాళం అడుగు భాగంలో క్యాన్సర్ అయితే రక్తం లివర్‌ని తప్పించుకుని నేరుగా ఊపిరితిత్తులకి పోగలదు. మీ నాన్నగారిది ఆ చోటు కాదు.) లివర్ శుభ్రంగా ఉండి, పొట్టలోని గ్రంథులు మామూలుగా ఉండి, ఛాతీ గ్రంథులు మాత్రమే వెలగడం పెద్దపేగు క్యాన్సర్‌కి అలవాటైన దారి కాదు. రెండోది, వెలుగు కుడి ఎడమలు రెండింటా ఉంది. క్యాన్సర్ పాకినప్పుడు గ్రంథులు సాధారణంగా ఒక పక్కే ఎక్కువగా ఉబ్బుతాయి. రెండు వైపులా జోడుగా వెలగడం ధూళికి, సార్కాయిడ్ అనే జబ్బుకి, కొంతవరకు క్షయకి అలవాటు. మూడోది, నాడ్యూల్స్ పైభాగాల్లో ఉండటం. సిలికా, క్షయ రెండూ పైభాగాన్నే ఇష్టపడతాయి. రక్తంలో కొట్టుకొచ్చే క్యాన్సర్ ముక్కలు రక్తం ఎక్కువగా పారే కింది భాగాల్లో ఎక్కువగా దిగబడతాయి. సీఈఏ 2.1 ఉండటమూ కొంత ఊరటే. కాకపోతే ఆపరేషన్‌కి ముందు అది ఎంత ఉండేదో చూడాలి. అప్పుడూ మామూలుగానే ఉండి ఉంటే, ఇప్పుడు మామూలుగా ఉందన్న దానికి పెద్ద అర్థం లేదు.

ఇవన్నీ తూకంలో ఒక పక్కకి మొగ్గు చూపించేవే గానీ తీర్పులు కావు. పెద్దపేగు క్యాన్సర్ ఛాతీ గ్రంథుల్లోకి వచ్చినవాళ్లూ ఉన్నారు.

సూది మాటకి వచ్చేముందు పైసా ఖర్చు లేని పని ఒకటుంది. ఆపరేషన్‌కి ముందు ఛాతీకి, పొట్టకి సీటీ తీసి ఉంటారు. ఆ సీడీ వెతకండి. రిపోర్టు కాగితం, ఫిల్ములు చాలవు, సీడీయే కావాలి. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, అవే గ్రంథుల పొట్టి కొలతలు పోల్చమని రేడియాలజిస్టుని అడగండి. గ్రంథిని నిడివిలో కాకుండా అడ్డంగా కొలిచేదే పొట్టి కొలత. ఉదాహరణకి శ్వాసనాళం కుడి పక్కనున్న గ్రంథి అప్పుడు 14 మిల్లీమీటర్లు, ఇప్పుడు 15 ఉందనుకోండి. క్యాన్సర్ కనిపెట్టక ముందూ అంతే, కీమో తర్వాతా అంతే అయితే, కీమోకి తగ్గలేదు, కీమో ఆపాక పెరగలేదు అన్నమాట. అది పాత ధూళి గ్రంథి అయ్యే అవకాశం బాగా పెరుగుతుంది. అదే గ్రంథి అప్పుడు 6 ఉండి ఇప్పుడు 18 అయితే, ఈ మధ్య ఏదో కొత్తగా మొదలైందని అర్థం. అది క్షయా క్యాన్సరా అన్నది సూదే చెప్పాలి. ఆ సీటీలోనే గ్రంథుల అంచున గుడ్డు పెంకులాంటి సున్నపు గీత ఉందేమో కూడా అడగండి. అది సిలికాకి బాగా తెలిసిన గుర్తు. మొదటి సీటీలో ఈ గ్రంథుల గురించి ఒక్క ముక్కా రాయలేదని ‘అప్పుడు లేవు’ అనుకోవద్దు. పేగులో గడ్డ కోసం వెతికేటప్పుడు ఛాతీలో సెంటీమీటరున్న గ్రంథుల్ని రాయకుండా వదిలేయడం జరిగేదే.

నాన్నగారికి దగ్గు ఉంటే, లేకపోయినా కళ్లె వస్తే, కళ్లె పరీక్ష ఈ వారమే చేయించండి. ఊపిరితిత్తిలోనూ నాడ్యూల్స్ ఉన్నాయి కాబట్టి ఇది సూది కంటే ముందు జరగాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ట్రూనాట్, సీబీనాట్ అనే క్షయ పరీక్షలు ఉచితంగా చేస్తారు. రెండు నమూనాలు ఇవ్వాలి. వాటిలో ఒకటి పొద్దున్నే లేవగానే, నోరు నీళ్లతో పుక్కిలించి, గుండె లోతునుంచి దగ్గి తీసింది కావాలి. నోట్లో ఊరిన లాలాజలం పనికిరాదు. క్షయ ఉందని అందులోనే తేలితే సగం చిక్కు విడిపోయినట్టే. లేదని వస్తే మాత్రం గ్రంథిలో క్షయ లేదని కాదు, కళ్లెలోకి రాలేదని మాత్రమే. ఇక చేతికి వేసే మాంటూ పరీక్ష, రక్తంలో చేసే ఇగ్రా. వీటికి డబ్బు పెట్టొద్దు. మన దగ్గర పెద్దవాళ్లలో చాలామందికి క్షయ క్రిమి ఎప్పుడో ఒంట్లో చేరి నిద్రపోతూ ఉంటుంది. ఆ పరీక్షలు పాజిటివ్ వచ్చినా, ఈ గ్రంథిని వెలిగించింది ఆ క్రిమేనని చెప్పలేవు.

ఇక మీ మావయ్య మాట. ఛాతీ మధ్య గ్రంథులకి వేసే సూదికి ఈబస్ అని పేరు. గొంతులోంచి శ్వాసనాళంలోకి సన్నటి గొట్టం పంపుతారు. దాని కొసకి చిన్న అల్ట్రాసౌండ్ ఉంటుంది. గోడ అవతల గ్రంథి తెర మీద కనిపిస్తుండగా, ఒక మిల్లీమీటరు మందం కూడా లేని సూదితో గుచ్చి లాగుతారు. ఆపరేషన్ కాదు, కోత ఉండదు. మత్తు ఇచ్చి అరగంట నుంచి గంటలో ముగిస్తారు, చాలావరకు ఆ సాయంత్రానికే ఇంటికి పంపేస్తారు. గొంతు నొప్పి, ఒకటి రెండు రోజులు కళ్లెలో నెత్తుటి చారలు మామూలు. రక్తం పలచబడే మాత్రలు ఏవైనా వాడుతుంటే ముందే చెప్పాలి, ముఖ్యంగా క్లోపిడోగ్రెల్. దాన్ని ఎన్ని రోజుల ముందు ఆపాలో గుండె డాక్టరు చెప్పాలి, మీరే ఆపేయకూడదు. క్యాన్సర్ ఈ సూది వెంట పాకడమన్నది చాలా చాలా అరుదు. పాకుతుందన్న భయంతో సూది మానేసి, క్షయ ఉన్న మనిషికి కీమో ఇస్తే మాత్రం, కీమో రోగనిరోధక శక్తిని దించేస్తుంది, క్షయ ఒళ్లంతా పాకుతుంది. పాకే ప్రమాదం నిజంగా ఉన్నది అక్కడ.

సూది వేయించినా ఫలితం తేలకపోయే సందర్భాలు ఎక్కువగా రెండు చోట్ల వస్తాయి. రెండూ మీరు ముందే అడిగితే ఆగేవే.

ఒకటి సీసాల దగ్గర. తీసిన ముక్క మొత్తాన్ని ఫార్మలిన్ సీసాలో వేసి పాథాలజీకి పంపేస్తారు. ఫార్మలిన్ క్రిములన్నిటినీ చంపేస్తుంది. ఆ తర్వాత అందులోంచి క్రిమిని పెంచి చూసే క్షయ కల్చర్ చేయడం కుదరదు. పాథాలజీ వాళ్లు ‘గ్రాన్యులోమా కనిపించింది, క్షయ కావచ్చు’ అని రాస్తారు, తేల్చడానికి నమూనా మిగలదు, మళ్లీ గుచ్చాలి. క్యాన్సర్ పేషెంటు అనగానే అందరి దృష్టీ క్యాన్సర్ మీదే ఉంటుంది కాబట్టి ఇది తరచూ జరిగే పొరపాటు. అందుకని లోపలికి తీసుకెళ్లే ముందే డాక్టరుగారిని ఇలా అడగండి: ‘సార్, కొంత ఫార్మలిన్‌లో, కొంత ఉత్తి సెలైన్‌లో వేస్తారు కదా? సెలైన్‌ది సీబీనాట్‌కి, క్షయ కల్చర్‌కి పంపాలి.’ సెలైన్ సీసా మీద నాన్నగారి పేరు, తేదీ, ఏ గ్రంథిలోంచి తీశారో రాసి ఉందో లేదో చూడండి. అది అదే రోజు ల్యాబ్‌కి చేరాలి. వైజాగ్‌లో తీసిన నమూనాని శనివారం సాయంత్రం సంచిలో పెట్టుకుని టెక్కలి తెచ్చుకుంటే సోమవారానికి అది దేనికీ పనికిరాదు.

రెండోది ఏ గ్రంథిని గుచ్చారన్నది. అందుబాటులో ఉన్నదాన్ని కాకుండా పెట్‌లో ఎక్కువ వెలిగినదాన్ని గుచ్చాలి. అందుకోసం పెట్ సీడీ ఆ గదిలో ఉండాలి. రిపోర్టు ఒక్కటే కాదు. ఒక్కో గ్రంథికి మూడు సార్లైనా గుచ్చి తీస్తే నమ్మకం పెరుగుతుంది. రిపోర్టు వచ్చాక ‘క్యాన్సర్ కణాలు లేవు’ అన్న మాట చూసి సంబరపడే ముందు, దాని పై వాక్యంలో లింఫోసైట్లు కనిపించాయని ఉందా అని వెతకండి. గ్రంథిలో సూది నిజంగా దిగితే లింఫోసైట్లు వచ్చి తీరాలి. ‘రక్తం, శ్వాసనాళపు కణాలు మాత్రమే ఉన్నాయి’ అని ఉంటే సూది గురి తప్పిందన్నమాట. అది మంచి వార్త కాదు, చెడ్డ వార్తా కాదు. అసలు వార్తే కాదు, మళ్లీ చేయాలి.

ఫలితం ఎలా వస్తే ఏం చేయాలో చెబుతాను. మధ్యలో కుళ్లినట్టున్న గ్రాన్యులోమా ఉండి, సీబీనాట్ కూడా పాజిటివ్ వస్తే అది క్షయే. రిఫాంపిసిన్‌కి లొంగే రకమో కాదో కూడా అదే పరీక్ష చెబుతుంది. లొంగే రకమైతే మొదటి 2 నెలలు నాలుగు మందులు, తర్వాతి 4 నెలలు మూడు మందులు, రోజూ వేసుకోవాలి. ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. రిఫాంపిసిన్ కొన్ని షుగర్ మాత్రల పనిని తగ్గించేస్తుంది, ముఖ్యంగా గ్లిమిపిరైడ్ లాంటివాటిని. కాబట్టి మొదటి నెల షుగర్ తరచుగా చూపించుకోవాలి. మందులు మొదలైన కొత్తల్లో గ్రంథులు తగ్గకపోగా కాస్త ఉబ్బడం కూడా ఉంటుంది. దానికి కంగారుపడి మధ్యలో మళ్లీ పెట్ తీయించొద్దు, అది ఇంకా ఎక్కువ వెలిగి ఇంకా ఎక్కువ భయపెడుతుంది.

గ్రాన్యులోమా ఉండి సీబీనాట్ నెగెటివ్ వస్తే ఓపిక పట్టాలి. గ్రంథుల్లో క్రిములు తక్కువగా ఉంటాయి కాబట్టి సీబీనాట్‌కి చిక్కకపోవచ్చు. కల్చర్‌కి ఆరు వారాలదాకా పడుతుంది. ఈలోపు ఛాతీ డాక్టరు, క్యాన్సర్ డాక్టరు ఇద్దరూ కలిసి నిర్ణయించాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది: క్యాన్సర్ ఉన్నవాళ్లలో కొందరికి, క్యాన్సర్ కణం ఒక్కటీ లేని గ్రంథుల్లో కూడా ఒంటి ప్రతిస్పందనగా గ్రాన్యులోమాలు పుడతాయి. సార్కాయిడ్‌ని పోలి ఉంటాయి, పెట్‌లో బాగా వెలుగుతాయి. దానికి క్షయ మందులూ అక్కర్లేదు, కీమో కూడా అక్కర్లేదు. మూడు నెలలకి సీటీతో చూసుకుంటే చాలు.

నల్లటి పొడి, పోలరైజ్డ్ కాంతి కింద తళుక్కుమనే రేణువులు కనిపించాయని రాస్తే ధూళి గ్రంథి. దాన్ని కరిగించే మందు లేదు. ఆ ధూళిలోకి మళ్లీ వెళ్లకపోవడమే చేయగలిగింది. జ్వరం, బరువు తగ్గడం, మానని దగ్గు వస్తే క్షయ కోసం వెంటనే చూపించుకోవాలి.

క్యాన్సర్ కణాలే వచ్చాయనుకోండి, అప్పుడు కూడా సూది వృథా కాదు. ఆ ముక్క మీదే జన్యు పరీక్షలు చేసి ఏ మందు పనిచేస్తుందో ఎంచుకుంటారు. మీ మావయ్య చెప్పినట్టు గుడ్డిగా మొదలెట్టే కీమోకి ఆ ఆధారం ఉండదు.

ఎంత తొందర పడాలి అని అడుగుతారేమో. సీడీ పోలిక, కళ్లె పరీక్ష ఈ వారంలో, ఈబస్ రెండు వారాల్లోపు అయితే నష్టమేమీ లేదు. కళ్లెలో నెత్తురు పడినా, ఆయాసం వచ్చినా, సాయంత్రాలు జ్వరం మొదలైనా ఆ లెక్క వదిలేసి వెంటనే వెళ్లండి. కళ్లె రిపోర్టు వచ్చేదాకా నాన్నగారిని గాలి వచ్చే గదిలో విడిగా పడుకోమనండి, చిన్నపిల్లలకి దగ్గరగా దగ్గొద్దనండి. గ్రంథిలో మాత్రమే ఉన్న క్షయ ఇతరులకి అంటదు, ఊపిరితిత్తిలో ఉంటే అంటుతుంది.

ఇక పెద్దపేగంతా వెలగడం. మెట్‌ఫార్మిన్ చేసే పని అది. ఆ మాత్ర పేగు గోడలోకి చక్కెరను లాగేస్తుంది, దాంతో పేగు పొడవునా తాడులా, అంతటా ఒకేలా వెలుగుతుంది. దానికి భయపడక్కర్లేదు గానీ, అందులో చిక్కు ఒకటుంది. పేగంతా వెలిగిపోతుంటే, దాని వెనక చిన్న గడ్డ ఉన్నా కనిపించదు. పట్టపగలు దీపం పెట్టినట్టే. ఒకచోట మాత్రమే ముద్దగా, మిగతాదానికంటే ఎక్కువ వెలిగిందని రాస్తే అది వేరే మాట, దానికి కొలనోస్కోపీ చేయాలి. మీ నాన్నగారికి ఆపరేషన్ అయిన ఏడాదికి కొలనోస్కోపీ ఎటూ చేయాల్సిందే. అది అయిందో లేదో మీ ఉత్తరంలో లేదు. ఇంకా కాకపోయి ఉంటే, పెట్ రిపోర్టు బాగుందనో బాగోలేదనో దాన్ని ఆపకండి.

తర్వాత ఎప్పుడైనా మళ్లీ పెట్ తీయాల్సి వస్తే, షుగర్ డాక్టరుతో మాట్లాడి 48 గంటల ముందు మెట్‌ఫార్మిన్ ఆపి, ఆ రెండు రోజులకీ వేరే ఏర్పాటు అడగండి. స్కాన్ ముందు ఆరు గంటలు ఏమీ తినకూడదు, ఉత్తి మంచినీళ్లు బాగా తాగొచ్చు. షుగర్ 200 లోపు ఉండాలి. ఎక్కువుందని అక్కడికక్కడ ఇన్సులిన్ వేసి వెంటనే మందు ఎక్కిస్తే, ఇన్సులిన్ ఆ చక్కెరను కండల్లోకి తోసేస్తుంది. చేతులు, తొడలు వెలుగుతాయి, చూడాల్సినవి వెలవెలబోతాయి. ముందురోజు బరువులు మోయడం, సైకిల్ తొక్కడం కూడా అంతే. వీలైతే ముందురోజు రాత్రికే వైజాగ్ చేరండి. తెల్లారగట్ట బస్సు వెంట పరిగెత్తి, సంచులు మోసుకుని వెళితే కాళ్ల కండలు కూడా బొమ్మలోకొస్తాయి. అదే సెంటర్లో, అదే మెషీన్ మీద తీయించండి, ఇంజెక్షన్‌కీ ఫొటోకీ మధ్య ఎన్ని నిమిషాలు గడిచాయో పాత రిపోర్టులో చూసి అంతే ఉంచమనండి. మొదటిసారి 60 నిమిషాలకి, రెండోసారి 90 నిమిషాలకి తీస్తే, జబ్బు ఏమీ మారకపోయినా 9.4 కాస్తా 11 అయి కూర్చోవచ్చు.